జంట లేని ఒక్క న్యూట్రాన్

ఆక్సిజన్-17 కేంద్రకంలో 8 ప్రోటాన్లు, 9 న్యూట్రాన్లు ఉంటాయి. కర్పర నమూనా ప్రకారం ఒకే రకం కణాలు జంటలు కడతాయి. జంటలోని రెండింటి కోణీయ ద్రవ్యవేగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఇక్కడ జత దొరకనిది తొమ్మిదో న్యూట్రాన్ ఒక్కటే. కేంద్రకం మొత్తం స్పిన్ దానిదే.

8 న్యూట్రాన్లతో కింది కర్పరాలు నిండిపోయాయి కాబట్టి అది పై కర్పరంలోకి వెళ్లాలి. అక్కడ దాని కక్ష్య వల్ల వచ్చేది 2, సొంత స్పిన్ 1/2. రెండూ ఒకే దిశలో ఉంటే శక్తి తగ్గుతుందని 1949లో మరియా గెప్పర్ట్ మేయర్ ఒకవైపు, హాన్స్ యెన్సెన్ బృందం మరోవైపు చెప్పారు. అందుకే మొత్తం 5/2. ప్రయోగంలోనూ అంతే తేలింది.

మరి అయస్కాంత భ్రామకం? న్యూట్రాన్‌కు ఆవేశం లేదు గనుక కక్ష్యలో ఎంత తిరిగినా అయస్కాంతత్వం రాదు. స్పిన్ ఇచ్చేదే మిగులుతుంది. విడి న్యూట్రాన్‌కు అది -1.913 న్యూక్లియర్ మాగ్నెటాన్లు. ఆక్సిజన్-17లో కొలిస్తే -1.894. ఇంత దగ్గరగా కుదరడం అరుదే.

బిస్మత్-209నే చూడండి. అక్కడ ఒంటరిది 83వ ప్రోటాన్. స్పిన్ 9/2 అని నమూనా సరిగ్గానే చెబుతుంది. భ్రామకం మాత్రం లెక్కలో 2.62, కొలతలో 4.09! ఒంటరి ప్రోటాన్ లోపలి కర్పరాలను కాస్త కదిలిస్తుంది. కణాల మధ్య మారకమయ్యే మీసాన్లూ తమ వంతు కలుపుతాయి. స్పిన్ అర్ధ పూర్ణాంకాల్లోనే ఉండాలి కనుక ఈ చిన్న కదలికలకు చెదరదు. భ్రామకానికి ఆ కట్టుబాటు లేదు.