గుండ్రటి డీపీకి ఫొటో ఎలా కత్తిరించాలి?

వాట్సాప్‌లో చాట్ లిస్టు ఒకసారి పైనుంచి కిందికి జరిపి చూడండి. పేరు చదవకుండా, డీపీ చూసి మనిషిని పోల్చుకోగలిగేవి ఎన్ని ఉన్నాయో తెలిసిపోతుంది. ఒకాయన తాజ్‌మహల్ ముందు నిలబడి దిగాడు. ఆ సైజులో తాజ్‌మహలూ కనపడదు, ఆయనా కనపడడు. ఒకావిడ ముఖం బాగానే ఉంది కానీ పక్కన ఎవరిదో సగం చెవి, మెళ్లో గొలుసు వేలాడుతున్నాయి. ఇంకొకరి జుట్టు పైనుంచి తెగిపోయి, కింద మాత్రం చొక్కా గుండీలు నాలుగు కనిపిస్తాయి. వీటిలో చాలావరకు ఫొటోలు మంచివే. కత్తిరించిన తీరు దగ్గరే చెడింది.

ముందు సైజు సంగతి. చాట్ లిస్టులో డీపీ మన చిటికెనవేలి గోరుకన్నా పెద్దగా ఏమీ ఉండదు. ఆ కాస్త చోటులో ముఖం గుర్తుపట్టాలంటే, జుట్టు పైభాగం నుంచి గడ్డం దాకా ఉన్న తల ఎత్తు గుండ్రం ఎత్తులో సగానికి తగ్గకూడదు. మూడింట రెండు వంతులు దాటితే మాత్రం ఊపిరాడనట్టు ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలన్నది చుట్టూ ఉన్న చెత్తను బట్టి తేలుతుంది. వెనక ఖాళీ గోడ ఉంటే సగం దగ్గరే ఆగి భుజాలు కూడా కనపడనివ్వచ్చు. పెళ్లి మండపం ఉంటే బిగించక తప్పదు.

ఇక గుండ్రం చేసే పని. దాదాపు ప్రతి యాప్‌లోనూ మనం ఇచ్చేది చతురస్రం, లిస్టులో అది చూపించేది ఆ చతురస్రంలో ఇమిడే వృత్తం. నాలుగు మూలలూ కలిపి 21 శాతం మేర బొమ్మ అక్కడ కనపడకుండా పోతుంది. ఇది తెలియక నష్టపోయేవాళ్లున్నారు, తెలిసి వాడుకునేవాళ్లూ ఉన్నారు. 2017 జూన్‌లో ట్విట్టర్ చతురస్రపు ప్రొఫైల్ బొమ్మల్ని గుండ్రంగా మార్చినప్పుడు, మూలకు జరిపి ముఖం పెట్టుకున్నవాళ్లకు జుట్టో చెంపో ఎగిరిపోయింది. అదే సూత్రాన్ని మనవైపు తిప్పుకుంటే, మూలల్లో ఉన్న చెత్తను తీయడానికి మనం వేరే కష్టపడక్కర్లేదు. గుండ్రమే మింగేస్తుంది.

గడియారం డయల్‌ను ఊహించుకుంటే ఇది తేలిగ్గా పట్టుబడుతుంది. ఒకటిన్నర, నాలుగున్నర, ఏడున్నర, పదిన్నర అంకెల వైపు ఉన్న వస్తువులు ముందు పోతాయి. పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది వైపు ఉన్నవి చివరిదాకా ఉంటాయి. అందుకే పక్కన మనకంటే పొట్టివాళ్లు నిలబడితే కత్తిరించడం సులువు, వాళ్ల తల ఏడున్నర వైపో నాలుగున్నర వైపో పడుతుంది. మన ఎత్తువాళ్లే చెంపకు చెంప ఆనించి నిలబడితే వాళ్లు సరిగ్గా మూడు మీదో తొమ్మిది మీదో ఉంటారు, వాళ్లను వదిలించుకోవడం కష్టం. అన్నిటికన్నా మొండిది నెత్తిమీద పన్నెండు దగ్గర వేలాడే ట్యూబులైటు.

మా పిన్ని కూతురి ఫొటో ఒకటి ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. ఫంక్షన్ హాల్లో స్టేజీ ముందు, నిలువుగా తీసినది, 3000 పిక్సెళ్ల వెడల్పు, 4000 ఎత్తు. నవ్వు బాగా వచ్చింది, వెలుతురు ముఖం మీద పడింది, డీపీకి అదే కావాలని పట్టుబట్టింది. ఎడమపక్కన ఆమె అత్తగారు, కాస్త పొట్టి. కుడిపక్క వెనకాల పెడస్టల్ ఫ్యాను. తల పైన సీరియల్ లైట్ల తోరణం, జుట్టుకూ దానికీ మధ్య 130 పిక్సెళ్లే సందు. ఆమె తల ఎత్తు, పూలతో కలిపి, 700. "అన్నయ్యా, అత్తయ్యగారిని కావాలని తీసేసినట్టు మాత్రం ఉండకూడదు" అని ముందే చెప్పింది. న్యాయమైన కోరికే.

ముఖం సరిగ్గా నడిమధ్యకు వచ్చేలా 1280 పిక్సెళ్ల చతురస్రం పెడితే తల గుండ్రంలో 55 శాతం. అత్తగారి బుగ్గ ఏడున్నర, ఎనిమిది మధ్యలో, వృత్తం గీతకు వెంట్రుకవాసి బయట పడింది. ఫ్యాను ఒకటిన్నర వైపు కాబట్టి అదీ పోయింది. మిగిలింది లైట్ల తోరణం, సరిగ్గా పన్నెండు దగ్గర, కిరీటం పెట్టినట్టు.

ఇక్కడ అందరికీ తోచే ఉపాయం ఫ్రేమును కిందికి జరపడం. తోరణం పోవాలంటే 170 పిక్సెళ్లు జరపాలి. అలా జరిపితే రెండు ఇబ్బందులు వచ్చాయి. ఒకటి, ముఖం బాగా పైకి ఎగబాకింది, గడ్డం కింద చీర కుచ్చిళ్లకు పోయినంత చోటు పోయింది. రెండోది అనుకోనిది. ఫ్రేము దిగేసరికి అంతవరకూ ఏడున్నర వైపు ఉన్న అత్తగారు తొమ్మిది వైపుకు ఎక్కారు, అక్కడ గుండ్రం వెడల్పు ఎక్కువ, కాబట్టి బుగ్గ మళ్లీ లోపలికి వచ్చేసింది. ఒక చెత్తను తప్పించడానికి జరిపిన ప్రతిసారీ మిగతా వస్తువుల గంటలు మారిపోతాయి. ఒక్కదాన్నే చూస్తూ జరిపితే ఈ ఆట తెగదు.

జరపడం ఒక్కటే చాలదు, బిగించి కొద్దిగా జరపాలి. చతురస్రాన్ని 1100కు తగ్గించి, కిందికి 75 జరిపితే మూడూ పోయాయి. తల 64 శాతం. ముఖం నడిమధ్య నుంచి పిసరంత పైకి ఉంది. అది తప్పు కాదు. గడ్డం కింద మెడ, భుజాలు ఉంటాయి, పైన గాలి తప్ప ఏమీ ఉండదు కాబట్టి కంటికి అదే మధ్యలా అనిపిస్తుంది. కొలత కోసం ముక్కును కేంద్రం చేసుకోకండి. మనిషి ఓ పక్కకు తిరిగి ఉంటే ముక్కు మధ్యలో పెట్టగానే తల మొత్తం ఒరిగిపోతుంది. జుట్టు, చెవులు కలిపి తల మొత్తానికి మధ్య ఏదో దాన్ని తీసుకోవాలి.

అంతా అయిందనుకుని డీపీ పెట్టేశాక వాళ్ల ఆడపడుచు ఫోన్లో డీపీ మీద నొక్కి పెద్దగా చూసింది. వాట్సాప్‌లో లిస్టులో గుండ్రంగా ఉన్న బొమ్మ, తెరిస్తే చతురస్రంగా కనపడుతుంది. గుండ్రం మింగిన మూలలన్నీ తిరిగొస్తాయి. ఎడమ అంచున 30 పిక్సెళ్ల మేర అత్తగారి బుగ్గ, చెవికి బుట్ట. తీసేసినట్టు తెలియకూడదని ఏ మనిషి గురించి అనుకున్నామో, సరిగ్గా ఆ మనిషినే కోసేసినట్టు తెలిసిపోయింది.

కాబట్టి మూలల మీద ఆధారపడే ఉపాయానికి ఒక హద్దుంది. పువ్వులో, కుర్చీలో, గోడో అయితే మూలల్లో ఉన్నా ఫర్వాలేదు, తెరిచి చూసినవాళ్లు పట్టించుకోరు. మనిషి ముక్క మాత్రం చతురస్రంలోంచి కూడా పోవాలి. ఆ ఫొటోకు చివరికి 1040 దగ్గర తేలింది. కిందికి జరిపింది 45 మాత్రమే. బుగ్గ చతురస్రం అంచుకు సరిగ్గా బయట ఆగింది, ఫ్యానూ తోరణమూ కనపడవు, ముఖం ఇంతకుముందుకన్నా మధ్యకు వచ్చింది. తల మూడింట రెండు వంతులు, అంటే పై హద్దును తాకింది. ఇంకో వేలెడు భుజం కనపడితే బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది, కానీ ఆ ఫొటోలో దానికి చోటు లేదు.

ఇన్ని పిక్సెళ్లు మీరు లెక్క పెట్టనక్కర్లేదు. ఫోన్ గ్యాలరీలో ఎడిట్‌లోకి వెళ్లి, క్రాప్‌లో స్క్వేర్ ఎంచుకుని, తల సగం నుంచి మూడింట రెండు వంతుల మధ్య పడేలా వేళ్లతో బిగించి, వేరే కాపీగా సేవ్ చేసుకుంటే చాలు. అసలు ఫొటో అలాగే ఉంటుంది. ఆ చతురస్రం శుభ్రంగా ఉంటే గుండ్రం కూడా శుభ్రంగానే ఉంటుంది. యాప్‌లోకి వెళ్లాక మళ్లీ జూమ్ చేయకండి. లింక్డ్‌ఇన్‌లో ఉద్యోగం వెతుకుతున్నామని పచ్చ పట్టీ పెట్టుకునేవాళ్లు గడ్డం కింద మరికాస్త చోటు వదలాలి, ఆ పట్టీ కింది అంచు మీదే పడుతుంది.

బిగించే కొద్దీ పిక్సెళ్లు తగ్గుతాయి. వాట్సాప్ డీపీని సాధారణంగా 640 పిక్సెళ్ల చతురస్రంగా కుదించి ఉంచుకుంటుంది. మన ముక్క అంతకన్నా పెద్దదైతే చింత లేదు, 1040 హాయిగా సరిపోతుంది. ఇరవై మంది గ్రూపు ఫొటోలో ఒక్కొక్కరి తల 150 పిక్సెళ్లే ఉంటుంది. దాన్ని సగానికి సరిపెడితే వచ్చే చతురస్రం 300. లిస్టులో బాగానే కనపడుతుంది, తెరిస్తే కళ్లూ కనుబొమలూ కలిసిపోయి మసకగా ఉంటుంది. పైగా గ్రూపులో చివర నిలబడ్డవాళ్ల ముఖం ఫోన్ లెన్సు వల్ల అడ్డంగా సాగిపోయి ఉంటుంది. ఒక చెంప రెండో దానికన్నా వెడల్పుగా, తల వాలినట్టు కనపడితే అదే కారణం. ఆ ముఖాన్ని కత్తిరించి మధ్యలో పెట్టినా సాగిన ముఖం సాగినట్టే ఉంటుంది.

భుజం మీద ఎవరిదో చెయ్యి ఉన్న ఫొటోను కూడా వదిలేయాలి. వేళ్లు నాలుగు మెడ పక్కన మిగిలిపోతాయి, ఎంత బిగించినా పోవు. అలాంటప్పుడు కొత్త ఫొటోయే మేలు. కిటికీకి ఎదురుగా, గోడకు నాలుగడుగుల ముందుకు నిలబడి, తల పైన జానెడు ఖాళీ వదిలి నడుము దాకా తీయమని ఇంట్లో ఎవరికైనా చెప్పండి. తీసేవాళ్లు మరీ దగ్గరకు రాకుండా నాలుగైదు అడుగుల దూరంలో ఉండాలి. చోటు చాలినంత ఉన్న ఫొటోను ఎలాగైనా బిగించుకోవచ్చు.