హార్మోన్లు నార్మల్, యాంటీబాడీలు పాజిటివ్

థైరాయిడ్ గ్రంథి హార్మోను తయారు చేయాలంటే అయోడిన్‌ను థైరోగ్లోబులిన్ అనే ప్రోటీన్‌కు జతచేయాలి. ఆ పని చేసే ఎంజైమ్ థైరాయిడ్ పెరాక్సిడేజ్. ల్యాబుల్లో దీన్ని క్లుప్తంగా టీపీఓ అంటారు. కొందరిలో రోగనిరోధక వ్యవస్థ ఈ ఎంజైమ్‌ను పరాయి పదార్థంగా పొరబడి, దాని మీదకు యాంటీబాడీలను తయారు చేస్తుంది. అప్పుడు రిపోర్టులో యాంటీ టీపీఓ పాజిటివ్ అని వస్తుంది. అదే రిపోర్టులో టీఎస్‌హెచ్, టీ4 రెండూ మామూలుగా ఉండటం చాలా తరచుగా కనిపించే విషయమే. దేశంలో 8 నగరాల్లో 5,000 మందికి పైగా పెద్దలను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 22 శాతం మందిలో ఈ యాంటీబాడీలు కనిపించాయి. ఆ నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది. వీళ్లలో చాలామందికి గ్రంథి బాగానే పనిచేస్తూ ఉంటుంది.

పాజిటివ్ అంటే గ్రంథిలో ఆటోఇమ్యూన్ వాపు మొదలైందని, లేదా మొదలయ్యే స్వభావం ఉందని అర్థం. జపాన్ వైద్యుడు హకారు హషిమోటో 1912లో వర్ణించిన థైరాయిడైటిస్ ఇదే కోవకు చెందినది. అయితే కణాలను దెబ్బతీయడంలో ముఖ్యపాత్ర ఈ యాంటీబాడీలది కాదు, గ్రంథిలోకి చేరే లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలది. దీనికి ఒక ఆధారం పుట్టే బిడ్డల్లోనే ఉంది. తల్లి రక్తంలోని టీపీఓ యాంటీబాడీలు మాయ దాటి కడుపులోని బిడ్డకు చేరతాయి. అయినా ఆ బిడ్డలు సాధారణంగా మామూలు థైరాయిడ్‌తోనే పుడతారు. కాబట్టి యాంటీబాడీ అనేది లోపల జరుగుతున్న పనికి గుర్తే తప్ప, ఎంత నష్టం జరిగిందో చెప్పే కొలమానం కాదు.

నష్టాన్ని చూపేది టీఎస్‌హెచ్. గ్రంథిలో కొన్ని కణాలు పోయి టీ4 కాస్త తగ్గగానే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి పసిగడుతుంది. టీఎస్‌హెచ్‌ను పెంచి, మిగిలిన కణాల చేత ఎక్కువ పని చేయిస్తుంది. దాంతో టీ4 మళ్లీ మామూలు స్థాయికి చేరుతుంది. టీ4లో వచ్చే చిన్న తగ్గుదలకే టీఎస్‌హెచ్ ఎన్నో రెట్లు పెరుగుతుంది కనుక, రాబోయే మార్పు ముందుగా అందులోనే బయటపడుతుంది. చాలా ల్యాబుల్లో దాని మామూలు పరిధి సుమారు 0.4 నుంచి 4 దాకా ఉంటుంది. టీఎస్‌హెచ్ ఈ పరిధి దాటి, టీ4 మాత్రం మామూలుగా ఉంటే దాన్ని సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అంటారు. టీ4 కూడా పడిపోతే అది పూర్తి స్థాయి హైపోథైరాయిడిజం.

ఈ దారిలో ఎంతమంది చివరిదాకా వెళతారు? దీనికి అందరూ ఉదహరించే జవాబు ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంతంలోని విక్‌హామ్ నుంచి వచ్చింది. అక్కడ 1970ల మొదట్లో 2,779 మంది పెద్దలను పరీక్షించి, 20 ఏళ్ల తర్వాత మళ్లీ చూశారు. ఆ ఫలితాలు 1995లో వెలువడ్డాయి. మొదట్లో టీఎస్‌హెచ్ మామూలుగా ఉండి యాంటీబాడీలు మాత్రమే ఉన్న మహిళల్లో ఏడాదికి సుమారు 2 శాతం మందికి హైపోథైరాయిడిజం వచ్చింది. 20 ఏళ్లకు లెక్కేస్తే 100 మందిలో 27 మంది. రెండూ మామూలుగా ఉన్నవారిలో ఈ సంఖ్య 4 మాత్రమే. యాంటీబాడీలతోపాటు టీఎస్‌హెచ్ కూడా పెరిగి ఉన్నవారిలో అది 55కు చేరింది. అంటే యాంటీబాడీలు ఉండటం వల్ల ముప్పు పెరిగిన మాట నిజమే. అయినా 20 ఏళ్ల తర్వాత కూడా 100 మందిలో 73 మందికి జబ్బు రాలేదు. టీఎస్‌హెచ్ 2 దాటినప్పటి నుంచే ముప్పు మెల్లగా పెరుగుతూ పోతుందని కూడా ఆ సర్వే తేల్చింది. అందువల్ల 1.2 ఉన్న మహిళకూ 3.6 ఉన్న మహిళకూ రిపోర్టులో నార్మల్ అనే వచ్చినా, ఇద్దరి భవిష్యత్తు ఒకటి కాదు.

ఊహకు ఒక కేసు తీసుకుందాం. 30 ఏళ్ల మహిళకు నీరసంగా ఉందని పరీక్ష చేస్తే టీఎస్‌హెచ్ 2.6, ఫ్రీ టీ4 మామూలు, యాంటీ టీపీఓ 380 వచ్చాయి. ఆ ల్యాబులో యాంటీబాడీల పరిమితి 34. హార్మోను సరిపడా ఉంది కనుక నీరసానికి థైరాయిడ్ లోపం కారణం కాదు. రక్తహీనత లాంటి ఇతర కారణాలు వెతకాలి. 380 అనే అంకె వచ్చే ఏడాది 300 అయినా 500 అయినా చికిత్స మారదు. అందుకే ఒకసారి పాజిటివ్ వచ్చాక యాంటీబాడీ పరీక్షను పదే పదే చేయించడం డబ్బు దండగ. ఆమెకు కావలసింది ఏడాదికోసారి టీఎస్‌హెచ్.

మూడో ఏట టీఎస్‌హెచ్ 5.8 వచ్చి టీ4 మామూలుగా ఉందనుకుందాం. వెంటనే జీవితాంతం మాత్ర అని తేల్చేయకూడదు. జబ్బు పడి కోలుకుంటున్నప్పుడు టీఎస్‌హెచ్ తాత్కాలికంగా పెరుగుతుంది. జుట్టు, గోళ్ల కోసం వాడే బయోటిన్ మాత్రలు కొన్ని ల్యాబు పరీక్షల్లో టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికన్నా తక్కువగా చూపించి, పెరుగుదలను కప్పిపుచ్చగలవు. పరీక్షకు కనీసం 2 రోజుల ముందు వాటిని ఆపాలి. 2, 3 నెలల తర్వాత మళ్లీ చూసినప్పుడు కూడా ఎక్కువగానే ఉంటే పెరుగుదల నిజమని అర్థం. 10 దాటితే సాధారణంగా లీవోథైరాక్సిన్ మొదలుపెడతారు. 4కూ 10కీ మధ్య ఉంటే వయసు, లక్షణాలు, గర్భం ఆలోచన చూసి డాక్టర్ నిర్ణయిస్తారు.

గర్భం వచ్చినప్పుడు లెక్క మారుతుంది. గర్భిణి శరీరానికి థైరాయిడ్ హార్మోను ఎక్కువ కావాలి. లోపల వాపున్న గ్రంథి ఆ అదనపు భారం మోయలేకపోవచ్చు. అందుకే యాంటీబాడీలున్న మహిళకు గర్భం తెలిసిన వెంటనే, ఆ తర్వాత గర్భం సగం గడిచేదాకా సుమారు 4 వారాలకోసారి టీఎస్‌హెచ్ చూడాలని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రసవం తర్వాత మరో ముప్పు ఉంది. గర్భం తొలి మూడు నెలల్లో పాజిటివ్‌గా ఉన్నవారిలో మూడింట ఒక వంతు నుంచి సగం మందికి ప్రసవానంతర థైరాయిడైటిస్ వస్తుంది. మొదట గుండెదడ, చిరాకు, ఆ తర్వాత నీరసం, దిగులు కనిపిస్తాయి. వీటిని బాలింత అలసటగా కొట్టిపారేయడం మామూలే. చాలామందిలో ఏడాదిలోపు గ్రంథి కోలుకుంటుంది. అయితే వీరిలో కొందరికి తర్వాతి ఏళ్లలో శాశ్వత లోపం ఏర్పడుతుంది కాబట్టి ఏటా పరీక్ష తప్పనిసరి.

హార్మోన్లు మామూలుగా ఉండగానే ముందుజాగ్రత్తగా మాత్ర వేసుకుంటే లాభముందా? బ్రిటన్‌లో గర్భస్రావం లేదా సంతానలేమి చరిత్ర ఉన్న 952 మంది ఇలాంటి మహిళల మీద జరిగిన ట్యాబ్లెట్ అనే ప్రయోగ ఫలితాలు 2019లో వచ్చాయి. రోజుకు 50 మైక్రోగ్రాముల లీవోథైరాక్సిన్ తీసుకున్నవారిలో 37.4 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 37.9 శాతం మంది బిడ్డను కన్నారు. తేడా లేదు. సెలీనియం మాత్రలు యాంటీబాడీల అంకెను తగ్గించగలిగినా, హైపోథైరాయిడిజాన్ని ఆపుతాయని రుజువు కాలేదు. సముద్రపు నాచు మాత్రల్లాంటి అధిక అయోడిన్ మాత్రం గ్రంథికి హాని చేయగలదు. వంటలో వాడే మామూలు అయోడిన్ ఉప్పు మానేయాల్సిన పని లేదు. గుండె లయ కోసం వాడే అమియోడరోన్, మానసిక సమస్యలకు ఇచ్చే లిథియం, కొన్ని క్యాన్సర్ ఇమ్యూనోథెరపీ మందులు థైరాయిడ్‌ను దెబ్బతీయగలవు. వాటిని మొదలుపెట్టే ముందు యాంటీబాడీల సంగతి డాక్టరుకు చెప్పాలి. హార్మోన్లు మామూలుగా ఉన్నంతకాలం యాంటీబాడీలకు చికిత్స అక్కర్లేదు. ఏడాదికో టీఎస్‌హెచ్ పరీక్ష, గర్భం వస్తే నెలకోసారి పరీక్ష చాలు.