పదివేల వరసల దగ్గర ఆగిపోయే రిపోర్టు

ఏడాది అమ్మకాల రిపోర్టును ఎక్సెల్‌లోకి దించుకున్నాక అందులో ఎన్ని వరసలు వచ్చాయో చూసేవాళ్లు తక్కువ. మొత్తం చూస్తారు, ఒకటి రెండు పెద్ద బిల్లులు వెతికి చూస్తారు. ఫైలు మామూలుగా తెరుచుకుంది, హెచ్చరిక ఏదీ రాలేదు కాబట్టి అంతా వచ్చేసిందనే అనుకుంటారు. కానీ కొన్ని రిపోర్టులు ఒక సంఖ్య దగ్గరికి రాగానే ఆగిపోతాయి. ఆగామని మాత్రం చెప్పవు.

ఎలాగో చూడడానికి మందుల డిస్ట్రిబ్యూటరు ఒకరి లెక్క ఊహించుకుందాం. బిల్లులో ఒక్కో మందు రిపోర్టులో ఒక్కో వరస. రోజుకు సగటున 35 వరసలు, ఏడాదికి దగ్గర దగ్గర 300 పనిదినాలు. 2023-24లో మొత్తం 9,700 వరసలు వచ్చాయి. 2024-25లో వ్యాపారం కాస్త పెరిగి 10,420 అయ్యాయి. నెల నెలా రిపోర్టు తీస్తే ఎనిమిది తొమ్మిది వందల వరసలే కనుక ఏడాది పొడుగునా జీఎస్టీ లెక్కలు సరిగ్గానే కుదిరాయి. మార్చి దాటాక ఆడిటరు ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా ఒకే ఫైలుగా అడిగారు. తెర మీద అమ్మకాల మొత్తం 99 లక్షలు ఉంది, ఎక్సెల్‌లో కూడితే 95 లక్షలే వచ్చింది.

ఇలాంటప్పుడు అకౌంటెంటు సాఫ్ట్‌వేర్‌ను అనుమానించరు. సేల్స్ రిటర్నులు ఎక్కడో తీసేసి ఉంటారని, రద్దయిన బిల్లులు తెర మీది మొత్తంలో కలిసి ఉంటాయని కారణాలు వెతుకుతారు. వెతికితే అలాంటివి కొన్ని దొరుకుతాయి కూడా, ఎందుకంటే ఏ వ్యాపారంలోనైనా రిటర్నులుంటాయి. అందుకే ఈ తప్పు బయటపడడానికి చాలా టైము పడుతుంది. పదిలో తొమ్మిది వంతులు పోయి ఉంటే ఎవరైనా గుర్తుపడతారు. వందకు నాలుగు పోతే ఏదో ఒక సంజాయిషీ దొరికేస్తుంది.

అసలు సంగతి రిపోర్టు వెనక ఉన్న క్వెరీలో ఉంది. డేటాబేస్‌కు రిపోర్టు వేసే ప్రశ్న అది. సుమారుగా ఇలా ఉంటుంది:

```sql
SELECT b.bill_no, b.bill_date, p.party_name,
       i.item_name, i.qty, i.amount
FROM bills b
JOIN parties p ON p.id = b.party_id
JOIN bill_items i ON i.bill_id = b.id
WHERE b.bill_date BETWEEN :from_date AND :to_date
ORDER BY b.bill_date, b.bill_no, i.id
LIMIT 10000;
```

అన్నిటికన్నా కింద ఉన్న పంక్తే కారణం. పదివేలు ఇచ్చాక ఆపెయ్యమని డేటాబేస్‌కు చెబుతోంది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అయితే ఇదే మాటను ముందు వైపు `TOP 10000` అని రాస్తారు. డేటాబేస్ చెప్పినట్టే చేసింది, కాబట్టి అది ఏ ఎర్రరూ చూపించదు. తెర మీది మొత్తం మాత్రం వేరే క్వెరీ నుంచి వస్తుంది. అది `SUM(amount)` అని అడిగి ఒకే ఒక్క సంఖ్య తెచ్చుకుంటుంది కనుక అక్కడ లిమిటుతో పని లేదు. అందుకే తెర నిజం చెబుతుంది, ఫైలు చెప్పదు.

ఆ పదివేలు అక్కడికి ఎలా వచ్చింది? చాలాసార్లు మంచి ఉద్దేశంతోనే. మొదట ఆ క్వెరీని తెర మీద చూపించడానికి రాసి ఉంటారు. లక్ష వరసలు బ్రౌజర్‌లోకి పోస్తే పేజీ బిగుసుకుపోతుంది కాబట్టి ఒక హద్దు పెట్టారు. తర్వాత ఎప్పుడో కస్టమరు ఎక్సెల్ బటన్ అడిగితే కొత్త క్వెరీ రాయకుండా ఉన్నదానికే బటన్ తగిలించారు. పరీక్ష కోసం వాళ్ల దగ్గరున్న డేటాబేస్‌లో అయిదు వందల వరసలుంటే ఆ హద్దు ఎవరికీ తగలదు. ఫిర్యాదు చేసినప్పుడు "మా దగ్గర బాగానే వస్తోంది సార్, మీ ఎక్సెల్‌లోనే ఏదో ఉంది" అనే జవాబు వచ్చేదీ ఇందుకే. వాళ్లు అబద్ధమాడడం లేదు, వాళ్ల దగ్గర నిజంగానే బాగా వస్తుంది.

ఏ వరసలు పోయాయన్నది `ORDER BY` పంక్తి మీద ఆధారపడుతుంది. పై క్వెరీ తేదీల వరసలో తెస్తోంది కనుక పోయిన 420 వరసలూ ఏడాది చివరివి. రోజుకు 35 చొప్పున పన్నెండు పనిదినాల సరుకు. అంటే ఫైలు 2025 మార్చి 17 దగ్గర ఆగుతుంది. అదైనా నయం, చివరికి వెళ్లి చూసినవాళ్లకు మార్చి నెలాఖరు కనపడకపోవడం తెలుస్తుంది.

అదే రిపోర్టు పార్టీ పేర్ల వరసలో ఉంటే సంగతి వేరు. అప్పుడు ఇంగ్లిష్ అక్షరమాలలో చివరన వచ్చే పేర్లు కోతకు గురవుతాయి. మన ఊళ్లలో వెంకటేశ్వర మెడికల్స్, విజయ ఫార్మసీ లాంటి పేర్లు లేని బజారు ఉండదు. ఫైలులో ఏప్రిల్ నుంచి మార్చి దాకా ప్రతి తేదీ ఉంటుంది, ఏ నెలా ఖాళీగా కనిపించదు, వి అక్షరంతో మొదలయ్యే దుకాణాలు మాత్రం మాయం. `ORDER BY` అసలు రాయకపోతే ఏ పదివేలు వస్తాయన్నదానికి డేటాబేస్ హామీ ఇవ్వదు. ఇవాళ తీసిన ఫైలులో ఉన్న బిల్లు రేపటి ఫైలులో ఉండకపోవచ్చు.

ఇంకో చిన్న గుర్తుంది. లిమిట్ లెక్కపెట్టేది వరసలను, బిల్లులను కాదు. చివరి బిల్లులో అయిదు మందులుంటే మూడో మందు దగ్గరే పదివేలు నిండవచ్చు. ఫైలులోని చివరి బిల్లు నంబరు పట్టుకుని అదే బిల్లును తెర మీద తెరిచి చూడండి. అక్కడ అయిదు, ఇక్కడ మూడు ఉంటే ఆ బిల్లు మధ్యలో కత్తెర పడినట్టే. రిటర్నుల వాదన ఇక నిలవదు.

కోడ్ చూడకుండానే, ఆఫీసులో కూర్చునే దీన్ని రుజువు చేయవచ్చు. ముందుగా ఖాళీలు లేని ఏ కాలమ్‌లోనైనా `Ctrl` పట్టుకుని కింది బాణం నొక్కితే చివరి వరసకు వెళతారు. అక్కడ 10,001 అని ఉంటే శీర్షిక ఒకటి, డేటా పదివేలు. పైన కంపెనీ పేరు, చిరునామా, రిపోర్టు తేదీ అంటూ మరో మూడు వరసలుంటే 10,004 అవుతుంది, కాబట్టి వాటిని తీసేసి చూడాలి. నిజమైన వ్యాపారం గుండు సంఖ్య దగ్గర ముగియడం అరుదు. 1,000, 5,000, 10,000, 50,000 లాంటిది కనపడితే అనుమానించాల్సిందే.

అనుమానాన్ని రుజువుగా మార్చేది రెండో పరీక్ష. ఏడాదిని రెండు ముక్కలు చేసి ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకసారి, అక్టోబరు నుంచి మార్చి ఒకసారి తీయండి. మన లెక్కలో మొదటి ముక్క 5,100, రెండోది 5,320 అనుకుందాం. కలిపితే 10,420. ఒకేసారి తీసిన ఏడాది రిపోర్టు 10,000. ఒకే కాలానికి, ఒకే ఫిల్టరుతో ముక్కల మొత్తం ఎక్కువ వచ్చిందంటే సాఫ్ట్‌వేర్ వాళ్లు కాదనడానికి ఏమీ మిగలదు. సరిచేసేదాకా పని గడవడానికి దారి కూడా ఇదే. ఏ ముక్కా మళ్లీ ఆ హద్దును తాకకుండా చూసుకుంటే చాలు.

ఎక్సెల్‌కు సొంతంగా ఉన్న హద్దును దీనితో కలిపేయకూడదు. పాత `.xls` ఫైలు ఒక షీటులో 65,536 వరసలే పట్టగలదు, 2007 నుంచి వచ్చిన `.xlsx` అయితే 10,48,576. ఆ పాత హద్దు వల్ల జరిగిన నష్టం లోకమంతా చూసింది. 2020లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ ల్యాబుల నుంచి వచ్చిన కోవిడ్ ఫలితాలను పాత `.xls` పద్ధతిలోకి ఎక్కించేది. ఒక్కో కేసుకు కొన్ని వరసలు పట్టడంతో షీటు తొందరగా నిండిపోయింది. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 మధ్య 15,841 కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు. వాళ్ల కాంటాక్టులను వెతికే పని కూడా ఆలస్యమైంది. అక్కడ ఫైలు నిండిపోయింది. మన రిపోర్టులో ఫైలుకు ఇంకా పది లక్షల వరసల చోటుంది, కానీ డేటా అక్కడిదాకా రావడం లేదు. ఫైలును `.xlsx`కో, సీఎస్‌వీకో మార్చి చూసినా చివరి బిల్లు మారకపోతే తప్పు క్వెరీ వైపు ఉన్నట్టే.

మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్ వాడేవాళ్లు ఇలాంటిదే ఇంకోటి చూసి ఉంటారు. అందులో క్వెరీ నడిపితే ముందే పెట్టి ఉన్న `Limit to 1000 rows` వల్ల వెయ్యే వస్తాయి, ఎగుమతి చేస్తే ఆ వెయ్యే వెళ్తాయి. అయితే ఆ మాట తెర పైభాగాన రాసి ఉంటుంది, మనమే మార్చుకోవచ్చు. కోడ్‌లో దాచిన పదివేలకు ఆ సౌకర్యం లేదు.

సరిచేయడమంటే చాలామంది డెవలపర్లకు 10,000ను 50,000 చేయడమే. కొత్త హద్దు వచ్చేదాకా అదే తప్పును వాయిదా వేయడమది. లిమిటును పూర్తిగా పీకేస్తే ఇంకో ప్రమాదం. ఎవరో అయిదేళ్ల రిపోర్టు అడుగుతారు, సర్వర్ ఆ వరసలన్నిటినీ మెమరీలో పేర్చుకోబోయి కూలిపోతుంది, పక్క కౌంటరులో బిల్లింగ్ కూడా ఆగుతుంది. జావాలో ఎక్సెల్ ఫైళ్లు తయారుచేసే అపాచీ పీఓఐ లైబ్రరీలో మామూలు పద్ధతి షీటు మొత్తాన్ని మెమరీలోనే ఉంచుతుంది. దానికోసమే `SXSSF` అనే మరో పద్ధతి పెట్టారు. అది కొన్ని వరసలనే చేతిలో ఉంచుకుని మిగతావి ఎప్పటికప్పుడు డిస్కు మీదికి రాసేస్తుంది. డేటాబేస్ నుంచి కూడా విడతలుగా తెచ్చుకుంటూ ఇలా రాస్తే లక్షల వరసలకైనా భయం లేదు.

అంత మార్పు ఇప్పుడు కుదరదంటే కనీసం ఒకటి చేయవచ్చు, దానికి పట్టేది ఒక పూట పని. క్వెరీలో 10,000 బదులు 10,001 అడగాలి. పదివేల ఒకటో వరస వచ్చిందంటే ఇంకా డేటా ఉందని అర్థం. అప్పుడు ఫైలు ఇవ్వకుండా "10,000 వరసలు దాటాయి, తేదీలు తగ్గించి మళ్లీ తీయండి" అని చెప్పాలి. సగం ఫైలు ఇచ్చి అడుగున చిన్న అక్షరాల్లో గమనిక పెట్టే పద్ధతి నాకు నచ్చదు. ఆడిటరు చేతికి వెళ్లేటప్పటికి ఆ అడుగు వరసను ఎవరో ఒకరు డిలీట్ చేసేసి ఉంటారు.

కొత్త వెర్షన్ వచ్చాక పాత ఫైళ్లు వాటంతటవి సరికావు. ఇదివరకు దించుకుని ఫోల్డర్లలో దాచినవి, పార్టీలకు మెయిల్ చేసిన స్టేట్‌మెంట్లు, బ్యాంకుకు ఇచ్చిన అమ్మకాల జాబితాలు అలాగే ఉంటాయి. వాటిలో సరిగ్గా 10,001వ వరస దగ్గర ఆగినవి ఏరి, అవే తేదీలకు మళ్లీ తీసి, తేడా ఉన్నచోట అవతలివాళ్లకు కొత్త ఫైలు పంపాలి. 2023-24 ఫైలు 9,700 దగ్గరే ముగిసింది కనుక దాన్ని ముట్టుకోనక్కర్లేదు.