లావు గొలుసు, పలచని గోడ

ఎనిమిది గ్రాముల బంగారంతో రెండు రకాల గొలుసులు చేయించుకోవచ్చు. ఒకటి సన్నగా, సాదాగా కనిపిస్తుంది. రెండోది చూపుకి మూడు కాసుల గొలుసులా లావుగా మెరుస్తుంది. నగల కొట్లో అద్దం ముందు నిలబడ్డప్పుడు చేయి రెండోదాని మీదికే వెళుతుంది. ఎనిమిది గ్రాములు అంత లావు ఎలా అయ్యాయంటే, ఆ గొలుసు లోపల ఏమీ లేదు. దాన్ని బోలు గొలుసు అంటారు, కొట్లలో హాలో చైన్ అంటారు.

లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. 22 క్యారట్ల బంగారం ఘన సెంటీమీటరుకు దాదాపు 17.8 గ్రాములు తూగుతుంది. రెండు మిల్లీమీటర్ల మందమున్న గట్టి తీగ అర మీటరు తీసుకుంటే దాదాపు 28 గ్రాములు. అదే మందంలో, గోడ 0.15 మిల్లీమీటర్లు మాత్రమే ఉన్న గొట్టం అర మీటరు తీసుకుంటే ఎనిమిది గ్రాములు కూడా నిండదు. ఆ గొట్టంలో ఉన్న బంగారాన్నే గట్టి తీగగా లాగితే మందం ఒక్క మిల్లీమీటరుకు వస్తుంది. గొలుసులో లింకులు మెలికలు తిరగడం వల్ల తీగ పొడవు ఇంకా ఎక్కువే పడుతుంది గానీ నిష్పత్తి మారదు. కొనేవాళ్లు తేల్చుకోవాల్సింది ఇదే: ఒక మిల్లీమీటరు గట్టి తీగా, రెండు మిల్లీమీటర్ల డొల్ల గొట్టమా?

అంత పలచని గొట్టాన్ని వంచి లింకు చేయడం వట్టి చేతులతో అయ్యే పని కాదు. వంచగానే నలిగిపోతుంది. అందుకే ఫ్యాక్టరీలో ముందుగా రాగి, ఇనుము, అల్యూమినియం లాంటి చవక లోహపు తీగ చుట్టూ పలచని బంగారు రేకును చుడతారు. ఆ జంట తీగను అచ్చుల గుండా లాగి కావలసిన సన్నానికి తెస్తారు. యంత్రం దాన్ని తుంపి, వంచి, లింకులు అల్లుతుంది. టంకం వేసి కొలిమిలో అతికిస్తారు. చివరికి మొత్తం గొలుసును రసాయనంలో ముంచుతారు. లోపలి తీగ అల్యూమినియమైతే కాస్టిక్ సోడాలో, రాగి అయితే నత్రికామ్లంలో కరిగి బయటికి పోతుంది, బంగారు పెంకు మిగులుతుంది. ఆ రసాయనం లోపలికి వెళ్లి రావాలి కాబట్టి చాలా రకాల్లో లింకు లోపలి వైపున రేకు అంచులు పూర్తిగా అతుక్కోవు, సన్నని చీలిక ఉండిపోతుంది. గొలుసు తయారవుతున్నంతసేపూ లోపల ఆసరా ఉంది. మన మెడలోకి వచ్చేసరికి ఆ ఆసరా పోయింది.

మన కంసాలులు కూడా బోలు నగలు చేశారు. గుండ్ల హారంలో గుండ్లు బోలువే, కానీ వాటిలో లక్క నింపేవారు. నొక్కితే వేలికి తగిలేది రేకు ఒక్కటే కాదు, దాని వెనకున్న లక్క కూడా. లక్క బరువును బంగారం తూకంలోంచి తీసేయాల్సి ఉంటుంది, అది వేరే పేచీ. నగ నిలవడం మట్టుకు ఆ లక్క వల్లే. వెంట్రుకంత చీలికలున్న యంత్రపు గొలుసు లింకుల్లో లక్క నింపే వీల్లేదు.

ఇక సొట్టల సంగతి. నిజానికి గొట్టం బలహీనమైన ఆకారం కాదు. అదే లోహం, అదే బరువు అయినప్పుడు మొత్తంగా వంగకుండా నిలబడటంలో గట్టి తీగ కన్నా గొట్టమే మేలు, సైకిల్ ఫ్రేమును గొట్టాలతో చేసేది అందుకే. ఒక్కచోట పడే నొక్కుడుకు మాత్రం గొట్టం తట్టుకోలేదు. రేకు మందం సగమైతే వంగకుండా నిలిచే బిగువు సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పైగా 22 క్యారట్ల బంగారం మెత్తన, టంకం వేసేటప్పటి వేడికి ఇంకా మెత్తబడుతుంది. మెరుపు కోసం పైన చెక్కిన ముఖాలు ఆ పలచని గోడను మరికొంత తినేస్తాయి. రాత్రి గొలుసుతోనే పడుకున్నా, పసిపిల్ల పళ్లతో కొరికినా, బీరువాలో దాని మీద గాజులు పెట్టినా సొట్ట పడటానికి అది చాలు. పడిన సొట్టను తీయడం కుదరదు, లోపలి నుంచి బయటికి తోయడానికి దారి ఉండదు.

సొట్ట కంటే నాకు ఎక్కువ భయమనిపించేది అరుగుదల. లింకు మీద లింకు రోజూ రాసుకుంటుంది. గట్టి తీగలో ఒకచోట 0.15 మిల్లీమీటర్లు అరిగినా ఇంకా 0.85 మిగిలి ఉంటుంది, గొలుసు ఏళ్ల తరబడి ఆగుతుంది. బోలు గొలుసులో అంతే అరిగితే అక్కడ చిల్లే. పుస్తెలు, బరువైన లాకెట్ వేలాడదీస్తే ఆ చిల్లు దగ్గరే తెగుతుంది. అతికించమని తీసుకెళితే మంచి పనివాడు కూడా తటపటాయిస్తాడు. మంట తగిలితే పలచని గోడ కరుగుతుంది, కరిగిన టంకం చీలికలోకి పాకి పక్క లింకుల్ని బిగించేస్తుంది. లేజర్ అతుకు కొంత నయం, అయితే పక్క లింకు కూడా అంతే అరిగి ఉంటుంది.

అమ్మేటప్పుడు సంగతి చూద్దాం. బోలుదైనా గ్రాము గ్రామే, బంగారం బంగారమే. బోలుగా ఉండటం ఒక్కటే మోసం కాదు. నష్టం తూకం చుట్టూ ఉన్న లెక్కల్లో ఉంది. సులువుగా ఉండటానికి గ్రాము ధర పదివేలు, తరుగూ మజూరీ కలిపి సాదా గట్టి గొలుసుకు 6 శాతం, బోలు గొలుసుకు 15 శాతం అనుకుందాం. ఎనిమిది గ్రాములకు గట్టిది 84,800, మీద 3 శాతం జీఎస్టీతో 87,344 రూపాయలు. బోలుది 92,000, జీఎస్టీతో 94,760. తిరిగి అమ్మేటప్పుడు గట్టిదానికి ఒక శాతం, బోలుదానికి మూడు శాతం కోశారనుకుంటే చేతికి 79,200, 77,600 వస్తాయి. ఒకదానిలో పోయింది ఎనిమిది వేల పైచిలుకు, రెండోదానిలో పదిహేడు వేల పైచిలుకు.

బోలుదానికి ఆ కోత ఎక్కువ పడటానికి కారణాలున్నాయి. చీలికల్లో చెమట, సబ్బు, పౌడరు చేరి గట్టిపడతాయి. తూకంలో అవీ తూగుతాయి, మూసలో కాలిపోతాయి. అతుకులు ఎక్కువ కాబట్టి టంకమూ ఎక్కువే, ఆ టంకంలో బంగారం పాలు తక్కువైతే కరిగిన ముద్ద స్వచ్ఛత పడిపోతుంది. సొట్టపడ్డ గొలుసును మెరుగుపెట్టి మళ్లీ అమ్మడానికి ఉండదు, తుక్కు కిందే కొంటారు. కొనేవాడు ఇవన్నీ ముందే ఊహించుకుని ధర చెబుతాడు.

హాల్‌మార్క్ ఉంది కదా అని చాలామంది ధైర్యపడతారు. 22K916 గుర్తూ, ఆరు అక్షరాలూ అంకెల HUID సంఖ్యా స్వచ్ఛతకు హామీ ఇస్తాయి. గోడ మందం గురించి, లోపల డొల్ల గురించి అవి ఏమీ చెప్పవు. అది మనమే చూసుకోవాలి. చూపుకి ఉన్న లావుకు తగ్గ బరువు చేతికి తగలకపోతే అనుమానించాలి. భూతద్దంతో లింకు లోపలి వైపు చూస్తే చీలిక గీత కనిపిస్తుంది. సూటిగా అడిగి, బోలు అయితే ఆ మాట బిల్లు మీద రాయించుకోవాలి, తిరిగి తీసుకునేటప్పుడు ఎంత కోస్తారో కూడా.

పెద్ద బుట్టలు, జుంకాలు చెవి తమ్మె సాగకుండా ఉండాలంటే బోలువే నయం. పెళ్లికీ పేరంటానికీ పెట్టుకుని తీసేసే హారమూ అంతే. రోజూ ఒంటి మీద ఉండే గొలుసుకూ పుస్తెల తాడుకూ మాత్రం అదే బరువులో సన్నని గట్టి గొలుసే తీసుకోమని చెబుతాను. ఇప్పటికే బోలు గొలుసు ఉన్నవాళ్లు అది తెగి ముక్కలు పోకముందే మార్చుకోవడం మంచిది. మార్చే రోజున కరిగించక ముందు తూకం, కరిగించాక ముద్ద తూకం, ఆ ముద్ద మీద క్యారట్ మీటర్ చూపే అంకె, ఈ మూడూ మీ కళ్ల ముందే చూపించమనండి.