ఉమ్మనీరు తక్కువంటే వెంటనే కోతేనా?

మా చెల్లెకు అప్పుడు 36 వారాలు. వరంగల్‌ల ఒక ప్రైవేటు సెంటర్ల స్కానింగ్ తీపిస్తే రిపోర్టుల 'ఏఎఫ్ఐ 4.6' అని వచ్చింది. "ఉమ్మనీరు తక్కువున్నది, ఇయ్యాల్నే ఆపరేషన్ చెయ్యాలె" అన్నరు. అమ్మ ఏడుసుడు, బావ పైసల కోసం ఫోన్లు చేసుడు. గా అంకె ఎట్ల వస్తదో మా ఇంట్ల ఒక్కరికి ఎరుక లేదు.

సర్కారు దవాఖానకు తోలుకపోయినం. డాక్టరమ్మ మళ్ల స్కాన్ చేసుకుంట చెప్పింది. కడుపును బొడ్డు కాడ నాలుగు భాగాలు అనుకుంటరు. ఒక్కో భాగంల బిడ్డ కాళ్లు చేతులు, పేగు అడ్డం లేని నీటి గుంట ఎంత లోతుందో నిలువుగ కొలుస్తరు. నాలుగు కలిపితే ఏఎఫ్ఐ. అది 5 సెంటీమీటర్లకు మించకుంటె నీరు తక్కువ, 24 దాటితే ఎక్కువ అంటరు. ఇంకో పద్ధతిల అన్నిట్ల లోతైన ఒక్క గుంటనే చూస్తరు. 2 కన్న తక్కువుంటె తక్కువ, 8 దాటితే ఎక్కువ.

మా చెల్లెకు గుంటలు 2.6, 1.1, 0.9, సున్నా. కలిపితే 4.6, అంటే తక్కువ. లోతైన గుంట 2.6, అంటే మంచిగనే ఉన్నట్టు. ఒక్కటే కడుపు, రెండు తీర్పులు! రెండు పద్ధతులను పోల్చిన పరిశోధనలల్ల, ఏఎఫ్ఐ పట్టుకుంటె నొప్పులు తెప్పిచ్చుడు ఎక్కువైతది గని బిడ్డకు అదనంగ మేలు కనపడలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణల నూటికి 60 కాన్పులు కోతలే. అందుకే ఈ తేడా తెలుసుండాలె.

అట్లని అంకెను ఇడిసిపెట్టలేదు. ఉమ్మనీరు ఎక్కువ భాగం బిడ్డ పోసే మూత్రమే. మాయ నుంచి రక్తం సరిగ అందకుంటె బిడ్డ మూత్రం తగ్గుతది, నీరు తగ్గుతది. అందుకే చెల్లెకు బీపీ చూసిన్రు, నీరు కారుతుందా అని పరీక్ష చేసిన్రు, బిడ్డ బరువు, పేగుల రక్తం పారుడు డాప్లర్‌తోని చూసిన్రు, గుండె కొట్టుకునుడు మిషన్ మీద రాసిన్రు. అన్నీ మంచిగున్నయ్. నీళ్లు బాగ తాగుమని, వారానికి మళ్ల రమ్మన్నరు. అప్పుడు గుంట 3.1 ఉండె. 39 వారాలకు మామూలు కాన్పు అయింది.

లోతైన గుంట 2 కన్న తగ్గినా, డాప్లర్ చెడినా కథ వేరే. గప్పుడు తొందరగ కాన్పు చేసుడే బిడ్డకు రక్షణ. నీరు ఎక్కువుంటె తల్లికి షుగర్ పరీక్ష చేస్తరు. బిడ్డ నీరు మింగుతుందా, ఆహార నాళంల అడ్డం ఉన్నదా అని స్కాన్ల చూస్తరు. శాన మందికి కారణం దొరకదు. నీరు ఒక్కసారి బుస్సున పోతే మాత్రం పేగు జారే ప్రమాదముంటది.

రిపోర్టు చేతికొస్తే ఒక్క మాట అడుగుండ్రి: "లోతైన గుంట ఎంతుంది? డాప్లర్ ఎట్లుంది?" నీరు కారినా, బిడ్డ తిరుగుడు తగ్గినా అడుగుడు పక్కన పెట్టి సీదా దవాఖానకు ఉరుకుండ్రి.