వేసవిలో ఉదయము కాచిన పాలు

వేసవికాలమున తెల్లవారుజామున పాలు పితికి, ఒక పొంగు రాగానే దింపి, మూతవేసి వంటయింట నుంచి పొలమునకు పోవుట పెక్కు ఇండ్లలో వాడుక. సాయంత్రము తిరిగి కాచినప్పుడు విరుగకున్నచో ఆ పాలు మంచివేయని తలతురు. పచ్చిపాల విషయమున నీ పరీక్ష కొంతవరకు పనికివచ్చును గాని, కాచిన పాలకు చాలదు.

దీనికి కారణము గలదు. పచ్చిపాలలో పులుపు పుట్టించు సూక్ష్మజీవులు మెండు. అవి పాలను పులియజేసి, ఆ పులుపుచేతనే తక్కిన జీవులను కొంత అణచియుంచును. కాచినంతనే యివి చచ్చును. కాని పేడ, మేత, ధూళి వెంబడి పాలలో బడు కొన్ని జీవులు గట్టి పెంకుగల బీజరూపమున నుండి, పాలు మరిగినను చావవు. పాలు గోరువెచ్చనకు దిగగానే యీ బీజములు మొలకెత్తును. అడ్డగించునవి లేవు గనుక విచ్చలవిడిగా పెరుగును. పాలు పులియవు, విరుగవు. ఎంతో సేపటికి మాత్రమే చేదెక్కుటయో, పులుపు లేకయే గడ్డకట్టుటయో జరుగును.

రోహిణీకార్తెలో నొకనాటి లెక్క చూడవచ్చును. ఆరు గంటలకు కాచిన రెండు లీటర్ల పాలు ఎనిమిదింటికి గోరువెచ్చనయ్యెననుకొందము. అట్టి వేడిమిలో జీవి యించుమించు అరగంట కొకసారి రెండగును. ఎనిమిదింట నొక్కటి యున్నచో పండ్రెండింటికి 256, సాయంత్రము నాలుగింటికి 65,536, ఆరింటికి పది లక్షలకు పైబడును. పాలలో మొదట నుండునది ఒక్కటియే కాదు గదా! అప్పుడు తిరిగి కాచినచో జీవులు చచ్చును. అయితే వానిలో కొన్ని జాతులు విడిచిన విషము మరిగించినను పోదు. త్రాగినవారికి కొలది గంటలలోనే వాంతులు కలుగవచ్చును.

పాతకాలపు దాలి యీ చిక్కునకు మంచి విరుగుడు. పిడకల సన్ననిసెగపై పాలు దినమంతయు వ్రేలు ముంచలేనంత వేడిగా నుండును. ఆ వేడిమిలో నీ బీజములు మొలవవు. పాలు ఎఱ్ఱబారి మీగడ దళసరిగా కట్టును. సెగ మధ్యలో చల్లారినచో మాత్రము ఈ మేలు దక్కదు.

దాలి లేనివారు పాలు గోరువెచ్చగా నుండగనే తోడువేయుట యుత్తమము. పెరుగు పులుపు ఆ జీవులను ఎదుగనీయదు. పాలుగనే కావలసినచో, కాచిన గిన్నెను నీళ్లలో నుంచి త్వరగా చల్లార్చి, పదిగంటలకే మరల పొంగించి, మధ్యాహ్నములోపల వాడుకొనవలెను. తడిగుడ్డ చుట్టిన కుండ పొడిగాలి వీచు మెట్టసీమలో కొంత చల్లదనమిచ్చును గాని, ఉక్కగల తీరప్రాంతమున అంతగా పనిచేయదు. సాయంత్రపు పాలను ఉదయపు పాలలో పోయరాదు. గిన్నె వేరుగా నుండవలెను.