సంతకానికి ముందు ఒక్క పేజీ

సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్ ఒప్పందం చాలాసార్లు ఒకే పత్రంగా ఉండదు. ధర, సీట్ల సంఖ్య, మొదలయ్యే తేదీ ఉండే ఆర్డర్ ఫారం రెండు మూడు పేజీలే. దాని అడుగున చిన్న అక్షరాల్లో ఒక వెబ్ లింకు ఉంటుంది. అసలు షరతులన్నీ ఆ లింకు వెనకున్న మాస్టర్ అగ్రిమెంటులో ఉంటాయి. సర్వీసు హామీలు ఇంకో పత్రంలో, డేటా సంగతులు మరో పత్రంలో కనిపిస్తాయి. స్టార్టప్ ఫౌండర్ కోసం వీటి సారాంశం రాసేవారు చదవడం మొదలుపెట్టే ముందే ఈ పత్రాలన్నింటినీ ఆ రోజు ఉన్నవి ఉన్నట్టుగా పీడీఎఫ్‌లుగా దాచుకోవాలి. లింకులోని షరతులను అమ్మే కంపెనీ తర్వాత మార్చుకోవచ్చని చాలా ఒప్పందాల్లో రాసి ఉంటుంది మరి. రెండు పత్రాలు ఒకదానికొకటి పొసగకపోతే ఏది చెల్లుతుందో చెప్పే క్లాజు కూడా ఒకటుంటుంది. దాన్ని ముందే వెతికి పెట్టుకుంటే మిగతా చదువు తేలికవుతుంది.

ఫౌండర్‌కు క్లాజుల భాష అక్కర్లేదు. ఏ షరతు ఎన్ని రూపాయలకు, ఏ తేదీకి వస్తుందో తెలిస్తే చాలు. ఊహించిన ఉదాహరణ ఒకటి తీసుకుంటే ఇది తేటపడుతుంది. హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీ కస్టమర్ల ఫిర్యాదులు చూసుకునే సాఫ్ట్‌వేర్‌ను కాలిఫోర్నియా కంపెనీ దగ్గర 25 సీట్లకు తీసుకుంటోంది. జాబితా ధర సీటుకు నెలకు రూ.2,000. మొదటి ఏడాది 40 శాతం తగ్గింపు పోను రూ.1,200. ఏడాదికి రూ.3,60,000 ముందే కట్టాలి. గడువు 2026 జులై 15 నుంచి 2027 జులై 14 వరకు.

సర్వీసు హామీలో ‘నెలకు 99.5 శాతం అందుబాటు’ అని ఉంది. వినడానికి బాగానే ఉన్నా, 30 రోజుల నెలలో 43,200 నిమిషాలుంటాయి. అందులో అర శాతమంటే 216 నిమిషాలు. అంటే నెలకు మూడు గంటల 36 నిమిషాలు సాఫ్ట్‌వేర్ ఆగిపోయినా ఒప్పందం తప్పినట్టు కాదు. పైగా ముందే ప్రకటించిన మరమ్మతుల సమయం ఈ లెక్కలోకి రాదు. ఆ సమయం ఆదివారం రాత్రి 9 నుంచి ఒంటిగంట వరకు అని రాసి ఉంటే, ఎవరి ఆదివారమో చూడాలి. వేసవిలో కాలిఫోర్నియా ఆదివారం రాత్రి 9 గంటలంటే హైదరాబాద్‌లో సోమవారం ఉదయం తొమ్మిదిన్నర. ఫోన్లు మోగే వేళకే మరమ్మతు మొదలై మధ్యాహ్నం ఒకటిన్నర దాకా సాగుతుంది.

హామీ తప్పితే దక్కేదేమిటన్నది అంతకన్నా ముఖ్యం. అందుబాటు 99 శాతం కన్నా తగ్గితే ఆ నెల ఫీజులో 10 శాతం క్రెడిట్ ఇస్తామని ఈ ఒప్పందం చెబుతోంది. నెలలో పది గంటలు ఆగిందనుకుంటే అందుబాటు 98.6 శాతానికి పడిపోతుంది. నెల ఫీజు రూ.30,000 కాబట్టి వచ్చే క్రెడిట్ రూ.3,000. అదీ 30 రోజుల్లో రాతపూర్వకంగా అడిగితేనే. ఇంకో మెలిక కూడా ఉంది. క్రెడిట్‌ను తర్వాతి బిల్లులో సర్దుతారు. ఏడాది డబ్బు ముందే కట్టినవారికి తర్వాతి బిల్లంటే రెన్యువల్ బిల్లే. రెన్యువల్ వద్దనుకుంటే ఆ మూడు వేలూ రావు. ‘ఇదే ఏకైక పరిహారం’ అన్న మాట పక్కనే ఉంటే, ఎన్నిసార్లు ఆగినా ఒప్పందం రద్దు చేసుకునే హక్కు మిగలకపోవచ్చు. ‘వరుసగా మూడు నెలలు హామీ తప్పితే రద్దు చేసుకుని మిగిలిన డబ్బు వాపసు తీసుకోవచ్చు’ అని చేర్చమని అడగడం న్యాయమైన కోరికే.

డేటా విషయంలో ‘కస్టమర్ డేటా కస్టమర్‌దే’ అన్న మొదటి వాక్యం దగ్గరే చాలామంది ఆగిపోతారు. చదవాల్సింది దాని తర్వాతి వాక్యం. సేవ అందించడానికి మాత్రమే డేటాను వాడుకుంటామంటే ఇబ్బంది లేదు. ‘మా ఉత్పత్తులను మెరుగుపరచడానికి’, ‘పేర్లు తీసేసిన సమాచారాన్ని శాశ్వతంగా’ అన్న మాటలు కనిపిస్తే, ఒప్పందం ముగిశాక కూడా కొంత డేటా వాళ్ల దగ్గరే వాడకంలో ఉంటుందని అర్థం. డేటా పేరుతో ఏవేవి వస్తాయో నిర్వచనంలో చూడాలి. ఎక్కించిన ఫైళ్లే వస్తాయా, వాడకంలో పుట్టే నివేదికలు, లాగ్‌లు కూడా వస్తాయా అన్నది అక్కడే తేలుతుంది. భారతీయ కంపెనీలు ఇక్కడ ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. దశలవారీగా అమల్లోకి వస్తున్న 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, డేటాను వేరే కంపెనీ చేత నిర్వహింపజేసినా బాధ్యత సేకరించిన కంపెనీదే. కాబట్టి డేటా లీకైతే అమ్మే కంపెనీ ఎన్ని గంటల్లో తెలియజేయాలో ఒప్పందంలో ఉందా లేదా అన్నది సారాంశంలో రావాలి. లేకపోతే ‘లేదు’ అనే రాయాలి. ఒప్పందం మౌనంగా ఉన్నచోటును వదిలేయడమే ఇలాంటి సారాంశాల్లో తరచూ కనిపించే లోపం.

డబ్బు ఎక్కువగా పోయేది ఆటో రెన్యువల్ దగ్గర. గడువు ముగియడానికి కనీసం 60 రోజుల ముందు రాతపూర్వకంగా వద్దని చెప్పకపోతే ఇంకో ఏడాది పొడిగినట్టేనని ఉదాహరణలోని ఒప్పందం అంటోంది. జులై 14 నుంచి వెనక్కి లెక్కిస్తే 2027 మే 15. సారాంశంలో ‘60 రోజులు’ అని కాక ఈ తేదీనే రాయాలి. దానికి రెండు వారాల ముందే క్యాలెండర్‌లో గుర్తు పెట్టాలి. నోటీసు ఎవరికి, ఏ ఈమెయిల్‌కు పంపాలో కూడా చేర్చాలి. సేల్స్ ఉద్యోగికి వాట్సాప్‌లో చెప్పిన మాట నోటీసుగా చెల్లుతుందనుకోవడం ప్రమాదం.

రెన్యువల్ ధర మరో క్లాజులో ఉంటుంది. ‘అప్పటి జాబితా ధర ప్రకారం’ అంటే మొదటి ఏడాది తగ్గింపు పోయినట్టే. అదే 25 సీట్లకు రూ.6,00,000 అవుతుంది. జాబితా ధర ఒక్క రూపాయి పెరగకుండానే బిల్లు మూడింట రెండు వంతులు పెరిగింది. ఈలోపు సిబ్బంది 15 మందికి తగ్గినా లాభం లేదు. సీట్లు తగ్గించుకోవడం రెన్యువల్ అప్పుడే కుదురుతుందని, అదీ ఆ 60 రోజుల ముందే చెప్పాలని ఒప్పందాల్లో తరచూ ఉంటుంది. పెంపు ఏడాదికి 5 శాతం దాటకూడదని, తగ్గింపు ధర మీదే లెక్కించాలని ఆర్డర్ ఫారంలో ఒక్క వాక్యం రాయించుకుంటే ఈ రూ.6,00,000 రూ.3,78,000 దగ్గర ఆగుతుంది. సేల్స్ ప్రతినిధి నోటిమాటగా ఇచ్చిన హామీ దీనికి చాలదు. ‘ఇదే సంపూర్ణ ఒప్పందం’ అన్న క్లాజు అలాంటి మాటలన్నింటినీ పక్కన పెట్టేస్తుంది.

బయటికి వచ్చే దారి గురించి చూడాల్సినవి రెండు. మొదటిది, మధ్యలో మానుకోవచ్చా అన్నది. ఏడాది ఒప్పందాల్లో ఇష్టమొచ్చినప్పుడు మానుకునే వీలు అరుదు. ఎదుటి కంపెనీ షరతు తప్పి, నోటీసు ఇచ్చిన 30 రోజుల్లో సరిదిద్దుకోకపోతేనే రద్దు. అప్పుడు మిగిలిన నెలల డబ్బు తిరిగి వస్తుందా అన్నది విడిగా చూడాలి.

రెండోది డేటాను తెచ్చుకోవడం. ‘ముగిశాక 30 రోజుల పాటు ఎగుమతికి అవకాశం’ అని ఉన్నా, ఏ రూపంలో అన్నది ముఖ్యం. CSV ఫైలుగా ఫిర్యాదుల పట్టిక రావచ్చు. వాటికి జతచేసిన ఫొటోలు, సంభాషణల వరుస, ఏ ఫిర్యాదు ఏ కస్టమర్‌దో తెలిపే సంబంధం మాత్రం రాకపోవచ్చు. ఇది చదివితే తేలదు. వాడకం మొదలైన మొదటి నెలలోనే ఒకసారి ఎగుమతి చేసి, ఆ ఫైళ్లతో ఒక పాత ఫిర్యాదును మొదటి నుంచి చివరి వరకు చదవగలుగుతున్నారో లేదో చూస్తే తెలిసిపోతుంది. బిల్లు వివాదంలో ఖాతాను నిలిపేసినప్పుడు కూడా ఎగుమతి పనిచేస్తుందా అని రాతలో అడగాలి. ఆ 30 రోజుల తర్వాత డేటాను ఎప్పుడు చెరిపేస్తారో, బ్యాకప్‌ల నుంచి ఎప్పటికి పోతుందో, చెరిపేసినట్టు లేఖ ఇస్తారో లేదో పేజీలో చివరి వరుసల్లో, క్లాజు నంబర్లతో సహా ఉండాలి.